పంపిన లెక్క తప్పని తేలితే.. క్లయింట్‌కు దిద్దుబాటు మెయిల్ ఎలా రాయాలి?

ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసుల్లో ప్రతి నెలా 14వ తేదీ నుంచి 20వ తేదీ దాకా ఊపిరి సలపదు. 14న జీఎస్టీ పోర్టల్‌లో GSTR-2B తయారవుతుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల ప్రకారం, ఆ నెల కొనుగోళ్ల మీద మనకు ఎంత క్రెడిట్ దక్కుతుందో చెప్పే పట్టిక అది. నెలనెలా రిటర్న్ వేసే దుకాణాలు 20వ తేదీలోపు GSTR-3B దాఖలు చేసి పన్ను కట్టేయాలి. ఈ మధ్యలో ఉన్న నాలుగైదు రోజుల్లోనే కన్సల్టెంట్ ఆఫీసు ఒక్కో క్లయింట్‌కు మెయిల్ పంపుతుంది. ‘ఈ నెల మీరు కట్టాల్సింది ఇంత’ అని. ఇలా హడావుడిగా పంపిన మెయిల్స్‌లో ఎప్పుడో ఒకసారి ఒక అంకె తప్పు పడుతుంది.

మన ఇళ్లలో బీకాం చదివి ఇలాంటి ఆఫీసుల్లో చేరిన పిల్లలున్నారు. ఆ మెయిల్ అందుకుని డబ్బు కట్టే దుకాణాల వాళ్లూ ఉన్నారు. కాబట్టి తప్పు అంకె వెళ్లిన తర్వాత రాయాల్సిన రెండో మెయిల్ గురించి ఇద్దరూ తెలుసుకోవాలి. చూడ్డానికి చిన్న పనే. కానీ ఆ మెయిల్ సరిగ్గా రాయకపోతే మొదటి తప్పు కంటే దీనివల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో ఒక హార్డ్‌వేర్ దుకాణం ఉందనుకోండి. దుకాణం అబ్బా చూసుకుంటారు, మెయిల్స్ పెద్ద కొడుకు చూస్తాడు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ చిన్న కొడుకు దగ్గర ఉంటుంది. ఆగస్టు నెల లెక్క సెప్టెంబర్ 16 సాయంత్రం వాళ్లకు వెళ్లింది. అమ్మకాల మీద పన్ను 1,86,400 రూపాయలు, కొనుగోళ్ల మీద దక్కే క్రెడిట్ 1,21,900, కట్టాల్సింది 64,500. దాంతోపాటు 64,500కి చలానా కూడా తయారుచేసి జత చేశారు.

మర్నాడు ఉదయం ఆఫీసులో ఇంకొకరు రిటర్న్ నింపుతూ పోర్టల్‌లో చూస్తే క్రెడిట్ 1,12,900 అని ఉంది. ఎక్సెల్ షీట్‌లో చేత్తో ఎక్కించేటప్పుడు 1, 2 అంకెలు అటూ ఇటూ అయ్యాయి. అసలు కట్టాల్సింది 73,500. అంటే క్లయింట్‌కు 9,000 రూపాయలు తక్కువ చెప్పారు.

9,000 ఎందుకు మనకు ఏదో చెబుతోంది

పాత గుమాస్తాలకు తెలిసిన ఒక చిట్కా ఉంది. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే, తప్పు లెక్కకూ సరైన లెక్కకూ మధ్య తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. 12 బదులు 21 రాస్తే తేడా 9. 47 బదులు 74 రాస్తే తేడా 27. మన ఉదాహరణలో 9,000. కాబట్టి రెండు లెక్కలు కలవనప్పుడు మొదట ఆ తేడాను 9తో భాగించి చూడాలి. భాగం పోతే అంకెలు తారుమారయ్యాయేమోనని వెతకడం మొదలుపెట్టొచ్చు. అంతమాత్రాన అదే కారణమని రుజువైనట్టు కాదు. అచ్చంగా 9,000 రూపాయల బిల్లు ఒకటి వదిలేసినా తేడా 9,000 వస్తుంది కదా. ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే అది.

దిద్దుబాటు మెయిల్‌కీ దీనికీ సంబంధం ఏమిటంటే, కారణం తేలకుండా ఆ మెయిల్ రాయకూడదు. అంకె మాత్రం మార్చి పంపేస్తే, అదే కారణంతో తప్పైన ఇంకో లెక్క ఇంకో క్లయింట్ దగ్గర అలాగే ఉండిపోతుంది. ఆ రోజు సాయంత్రం అదే వ్యక్తి ఎక్కించిన లెక్కలన్నీ పోర్టల్‌తో మళ్లీ పోల్చాలి. ఎక్సెల్ షీట్‌ను ఎక్సెల్ షీట్‌తో పోల్చి లాభం లేదు, తప్పు ఉన్నది అందులోనే. వీలైతే ఎక్కించిన వ్యక్తి కాకుండా ఇంకొకరు చూడాలి. మన అంకెను మనమే మళ్లీ చదివితే కాగితం మీద ఉన్నది కాక మన మనసులో ఉన్నదే కనిపిస్తుంది.

అలా నలభై మంది లెక్కలు చూస్తే ఇంకో తప్పు దొరికిందనుకుందాం. ఒక డ్రెస్ మెటీరియల్ షాపుకు 31,800 కట్టాలని రాశారు. ఆ నెల వాళ్ల దగ్గర కొన్నవాళ్లు కొంత సరుకు వాపసు ఇచ్చారు, దానికి క్రెడిట్ నోట్ కూడా ఉంది. దాని మీది పన్ను 6,300 తీసేయడం మర్చిపోయారు. అసలు కట్టాల్సింది 25,500. ఇక్కడ తేడా రెండో వైపు వచ్చింది. పైగా ఆ షాపు వాళ్లు మెయిల్ అందిన గంటలోనే 31,800 కట్టేశారు.

మిగిలిన ముప్పై ఎనిమిది మంది లెక్కలు సరిగ్గానే ఉన్నాయి. వాళ్లకు ఏ మెయిలూ పంపనక్కర్లేదు. ‘కొన్ని లెక్కల్లో తప్పులు దొర్లాయి, మీవి సరిచూసుకోండి’ అని అందరికీ ఒకే మెయిల్ కొట్టడం కొన్ని ఆఫీసుల్లో చూస్తుంటాం. దానివల్ల అనుమానం లేనివాళ్లకు కూడా అనుమానం పుడుతుంది, నలభై ఫోన్లు వస్తాయి, అసలు మారిన ఇద్దరికి మాత్రం తమ అంకె మారిందన్న సంగతే తెలియదు. ఆ నలభై మంది చిరునామాలు ఒకరివి ఒకరికి కనిపించేలా పంపితే అది ఇంకో తలనొప్పి.

సరైన అంకె వచ్చేదాకా ఆగాలా?

తప్పు జరిగిందని ఉదయం పదింటికి తెలిసి, సరైన అంకె పదిన్నరకల్లా చేతికొస్తే ఆగాలి. ఆగి ఒకే మెయిల్ పంపాలి. సాయంత్రం దాకా పడుతుందంటే మాత్రం ఆగకూడదు. ఈలోపు క్లయింట్ డబ్బు కట్టేయొచ్చు. అప్పుడు రెండు ముక్కల్లో ఆపే మెయిల్ పంపాలి: ‘నిన్నటి మెయిల్‌లోని 64,500 ప్రకారం డబ్బు కట్టకండి. సరైన అంకె ఈరోజు సాయంత్రం 5 గంటల్లోపు పంపుతాం.’ ఇందులో ‘బహుశా 73 వేల దాకా ఉండొచ్చు’ అని ఊహ రాయకూడదు. క్లయింట్ ఆ 73 వేలే గుర్తుపెట్టుకుంటాడు.

ఆపే మాట మెయిల్‌లోనే కాకుండా ఫోన్‌లో కూడా చెప్పాలి. చలానా సంగతి చూడండి. జీఎస్టీ చలానా తయారైన రోజు నుంచి 15 రోజుల దాకా చెల్లుతుంది. మనం ‘రద్దు’ అని మెయిల్‌లో రాసినంత మాత్రాన 64,500 చలానా చచ్చిపోదు. చిన్న కొడుకు ఫోన్‌లో పాత మెయిల్ తెరిచి కట్టాడంటే డబ్బు వెళ్లిపోతుంది. ఆ ఇంట్లో మెయిల్ చదివేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు, నిర్ణయం అబ్బాది. ఒకరికి తెలిసినంత మాత్రాన ముగ్గురికీ తెలిసినట్టు కాదు.

పంపిన మెయిల్‌ను వెనక్కి లాగేద్దామని చాలామంది మొదట అదే ప్రయత్నిస్తారు. జీమెయిల్‌లో పంపడం రద్దు చేసుకునే అవకాశం గరిష్ఠంగా 30 సెకన్లు. ఔట్‌లుక్‌లో వెనక్కి తీసుకునే ఏర్పాటు ఒకే సంస్థ లోపలి మెయిల్స్‌కు పనికొస్తుంది గానీ, బయట జీమెయిల్ వాడుతున్న క్లయింట్ దగ్గర పనిచేయదు. మర్నాడు దాని మీద సమయం పెట్టడం దండగ.

మెయిల్ ఇలా ఉండాలి

ముందు, తరచుగా కనిపించే మెయిల్ చూడండి. ‘గౌరవనీయులైన క్లయింట్ గారికి, నిన్న పంపిన మెయిల్‌లో కొన్ని సాంకేతిక కారణాల వల్ల ఫిగర్స్‌లో స్వల్ప వ్యత్యాసం చోటుచేసుకుంది. సవరించిన షీట్ జతచేయడమైనది. దయచేసి గమనించగలరు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం.’

ఇందులో మర్యాదకు లోటు లేదు, అంకె మాత్రం ఒక్కటి కూడా లేదు. కట్టాల్సింది పెరిగిందా తగ్గిందా తెలియదు. షీట్ తెరిస్తే పన్నెండు కాలమ్‌లు ఉంటాయి, అందులో ఏది మారిందో వెతుక్కోవాలి. ‘స్వల్ప’ అన్న మాట ఎవరి లెక్కలో స్వల్పమో! చిన్న దుకాణానికి 9,000 అంటే ఇద్దరు కుర్రాళ్ల వారం జీతం కావచ్చు. ఇక ‘సాంకేతిక కారణాలు’ అనేది అబద్ధం. అంకెలు తారుమారు చేసింది మనిషి.

ఇప్పుడు హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లాల్సిన మెయిల్:

విషయం: దిద్దుబాటు – ఆగస్టు జీఎస్టీ కట్టాల్సింది రూ. 73,500 (నిన్న పంపిన 64,500 తప్పు)

అస్సలాము అలైకుమ్ భాయ్,

ఆగస్టు నెలకు మీరు కట్టాల్సిన జీఎస్టీ రూ. 73,500 (డెబ్బై మూడు వేల అయిదు వందల రూపాయలు).

సెప్టెంబర్ 16 సాయంత్రం పంపిన మెయిల్‌లో 64,500 అని రాశాం. అది తప్పు.

అమ్మకాల మీద పన్ను 1,86,400. ఇందులో మార్పు లేదు.
కొనుగోళ్ల క్రెడిట్ 1,12,900. నిన్న 1,21,900 అని పడింది.
కట్టాల్సింది 73,500. నిన్న చెప్పినదాని కంటే 9,000 ఎక్కువ.

క్రెడిట్ ఎక్కించేటప్పుడు మా ఆఫీసులో రెండు అంకెలు తారుమారయ్యాయి. పొరపాటు మాదే, మన్నించండి. ఇప్పుడు పోర్టల్‌లోని GSTR-2Bతో ఇద్దరం విడివిడిగా సరిచూశాం.

ఈ ఉదయం 11 గంటలకు పోర్టల్‌లో చూస్తే మీరింకా డబ్బు కట్టలేదు. నిన్నటి 64,500 చలానా వాడకండి. 73,500కి కొత్త చలానా జత చేశాం. ఈలోపు పాత చలానాతో కట్టేసి ఉంటే డబ్బు ఎక్కడికీ పోదు, మీ జీఎస్టీ ఖాతాలోనే ఉంటుంది. ఒక్క మాట చెప్పండి, మిగిలిన 9,000కి మాత్రమే చలానా పంపుతాం.

గడువు మారలేదు, సెప్టెంబర్ 20. డబ్బు కట్టే తమ్ముడికి కూడా ఈ అంకె చేరిందని చెబితే మాకు నిశ్చింత.

ఇంతే. ఇందులో కొన్ని విషయాలు కావాలనే అలా రాసినవి. సరైన అంకె సబ్జెక్ట్ లైన్‌లోనే ఉంది. ఫోన్‌లో నోటిఫికేషన్ మాత్రమే చూసి పక్కన పెట్టేవాళ్లకు కూడా అది కనబడుతుంది. లోపల మొదటి వాక్యంలో మళ్లీ సరైన అంకే వచ్చింది, తప్పు అంకె ఆ తర్వాత వచ్చింది. తప్పు అంకెను ముందు రాసి, దాని చుట్టూ వివరణ ఇచ్చి, చివర్లో సరైనది చెబితే, సగం చదివి ఆపేసినవాడి మనసులో తప్పు అంకే నిలిచిపోతుంది.

అలాగని తప్పు అంకెను అసలు రాయకుండా వదిలేయకూడదు. ‘పాత మెయిల్ పట్టించుకోకండి’ అంటే ఏ పాత మెయిల్? ఆ వారంలో ఆఫీసు నుంచి మూడు మెయిల్స్ వెళ్లి ఉండొచ్చు. ఫలానా తేదీ, ఫలానా అంకె అని ఒక్కసారి చెప్పేస్తే ఆ అనుమానం ఉండదు. ఒక్కసారి చాలు. నాలుగుసార్లు రాస్తే ఏది పాతదో ఏది కొత్తదో కలిసిపోతాయి.

మారనిది కూడా చెప్పడం చాలామందికి తట్టదు. ఒక అంకె తప్పని తెలిసిన క్షణం నుంచి క్లయింట్‌కు మిగతా అంకెల మీద కూడా నమ్మకం పోతుంది. అమ్మకాల లెక్క మారలేదు, గడువు మారలేదు అని రాస్తే ఆయన మళ్లీ మొత్తం బిల్లులు తిరగేసుకునే పని తప్పుతుంది. అంకెను అక్షరాల్లో రాయడం చెక్కుల నాటి పద్ధతి. ఇప్పటికీ పనికొస్తుంది, ఎందుకంటే అంకెలు తారుమారు కావచ్చు గానీ ‘డెబ్బై మూడు వేలు’ తారుమారు కాదు.

క్షమాపణ ఒక్క వాక్యం చాలు. ఎవరు ఎక్కించారో పేరు చెప్పనక్కర్లేదు. కొత్తగా చేరిన కుర్రాడి మీద తోసేస్తే క్లయింట్‌కు ఒరిగేదేమీ ఉండదు, పైగా తన లెక్కలు ఎవరో కుర్రాడి చేతిలో ఉన్నాయని కొత్త దిగులు పట్టుకుంటుంది.

కట్టేసినవాళ్లకు మాట మారుతుంది

డ్రెస్ మెటీరియల్ షాపుకు ఇదే మెయిల్ అంకెలు మార్చి పంపితే కుదరదు. వాళ్లు ఇప్పటికే 6,300 ఎక్కువ కట్టారు. వాళ్లు మొదట అడిగేది ‘సరైన అంకె ఎంత’ అని కాదు, ‘నా డబ్బు ఎక్కడ?’ అని. కాబట్టి అంకె చెప్పిన వెంటనే దానికి జవాబు ఉండాలి.

జీఎస్టీలో చలానాతో కట్టిన డబ్బు నేరుగా పన్ను కింద జమ అయిపోదు. మొదట పోర్టల్‌లో ఆ వ్యాపారి పేరు మీదున్న నగదు ఖాతాలో పడుతుంది. రిటర్న్ దాఖలు చేసేటప్పుడు అందులోంచి ఎంత కావాలో అంత తీసుకుంటారు. కాబట్టి రిటర్న్ ఇంకా వేయకపోతే పని తేలిక. మెయిల్‌లో ఇలా రాయాలి: ‘ఆగస్టుకు మీరు కట్టాల్సింది రూ. 25,500. మేం చెప్పిన 31,800 తప్పు. వాపసు వచ్చిన సరుకు మీది పన్ను 6,300 తీసేయడం మా వల్ల మిగిలిపోయింది. మీరు కట్టిన 31,800 మీ జీఎస్టీ నగదు ఖాతాలో ఉంది. రిటర్న్‌కు 25,500 మాత్రమే వాడతాం. మిగిలిన 6,300 అక్కడే ఉంటుంది, వచ్చే నెల కట్టేదాంట్లో తగ్గుతుంది. వెనక్కి కావాలంటే పోర్టల్‌లో రీఫండ్‌కు దరఖాస్తు చేస్తాం, దానికి ఫీజు తీసుకోం. ఏది కావాలో చెప్పండి.’

వచ్చే నెల ఎలాగూ పన్ను ఉంటుందనుకుంటే చాలామంది సర్దుబాటుకే ఒప్పుకుంటారు. కానీ అడగాలి. ఆ డబ్బు వాళ్లది. పండగ ముందు 6,300 చేతిలో లేకపోవడం ఎలా ఉంటుందో వాళ్లకు తెలుస్తుంది, మనకు కాదు.

రిటర్న్ వేసేశాక తప్పు తెలిస్తే ఈ మాటలు చెల్లవు. అప్పటికి 31,800 నగదు ఖాతాలోంచి పోయింది. దాఖలైన GSTR-3Bని వెనక్కి తీసుకుని దిద్దే వీల్లేదు. ఆ క్రెడిట్ నోట్‌ను తర్వాతి నెల రిటర్న్‌లో చూపించి తగ్గించుకోవాలి. అప్పుడు ‘మీ డబ్బు ఖాతాలోనే ఉంది’ అని రాస్తే రెండో మెయిల్ కూడా తప్పైనట్టే. అందుకే రాసే ముందు పోర్టల్ తెరిచి రెండు సంగతులు చూడాలి: డబ్బు కట్టారా, రిటర్న్ వెళ్లిందా.

తక్కువ చెప్పిన హార్డ్‌వేర్ దుకాణం విషయంలో 20వ తేదీ లోపల బయటపడటం నయమే. ఎందుకంటే ఖాతాలో 73,500 బదులు 64,500 మాత్రమే ఉంటే పోర్టల్ రిటర్న్‌ను దాఖలు కానివ్వదు. 9,000 కోసం మొత్తం రిటర్న్ ఆగిపోతుంది. 20 దాటితే పన్ను ఉన్న రిటర్న్‌కు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము పడుతుంది.

ఒకవేళ తప్పుడు క్రెడిట్ 1,21,900 తోనే రిటర్న్ వెళ్లిపోయి, నెల తర్వాత తెలిసిందనుకోండి. అప్పుడు ఎక్కువ వాడుకున్న 9,000 క్రెడిట్‌ను వెనక్కి ఇచ్చి, దాని మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ కట్టాలి. 30 రోజులకు లెక్కేస్తే సుమారు 133 రూపాయలు. పెద్ద మొత్తం కాదు. అయినా మెయిల్‌లో ఆ 133 ఎవరు భరిస్తారో రాసి తీరాలి. 9,000 ఎప్పుడైనా ఆ దుకాణం కట్టాల్సిందే, అది పన్ను. వడ్డీ మాత్రం ఆఫీసు పొరపాటు వల్ల పడింది, కాబట్టి ఆఫీసే భరించాలని నా ఉద్దేశం. ‘133 వడ్డీ మా ఫీజులో తగ్గిస్తాం’ అని ఒక్క వాక్యం రాస్తే, ఆ క్లయింట్ వచ్చే నెల కూడా అక్కడే ఉంటాడు. రాయకపోతే 133 గురించి అడగడానికి మొహమాటపడి, మెల్లగా ఇంకో ఆఫీసు చూసుకుంటాడు.

అందుకునేవాళ్లు జాగ్రత్త పడాల్సింది

ఇప్పుడు దుకాణం వైపు నుంచి చూడండి. ‘నిన్న చెప్పిన మొత్తం తప్పు, ఇంత ఎక్కువ కట్టండి, గడువు దగ్గర పడింది’ అనే మెయిల్ ఎలా ఉంది? అచ్చం మోసగాళ్ల మెయిల్‌లాగే ఉంది. వ్యాపారుల మెయిల్స్‌లోకి చొరబడి, సరిగ్గా చెల్లింపు సమయంలో ‘దిద్దుబాటు’ పేరుతో డబ్బు వేరే ఖాతాకు మళ్లించడం పాత మోసమే.

అందుకని నిజాయితీగా రాసే ఆఫీసు తన మెయిల్ మోసంలా కనబడకుండా చూసుకోవాలి. దిద్దుబాటు మెయిల్‌లో కొత్త బ్యాంకు ఖాతా నంబర్ ఎప్పుడూ ఇవ్వకూడదు. నొక్కమని లింకు కూడా పెట్టకూడదు. నిజంగానే ఆఫీసు బ్యాంకు ఖాతా మారితే దాని గురించి వేరే రోజు వేరే మెయిల్ రాయాలి, ఫోన్ కూడా చేయాలి. లెక్క దిద్దుబాటుతో కలిపితే ఎవరికైనా అనుమానం రావాలి, రావడమే మంచిది.

అందుకున్నవాళ్లు చేయాల్సింది రెండే పనులు. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా తమ ఫోన్‌లో ముందునుంచీ ఉన్న కన్సల్టెంట్ నంబర్‌కు ఫోన్ చేయాలి. చలానా మీద తమ దుకాణం జీఎస్టీ నంబర్ ఉందో లేదో చూసుకోవాలి. అసలు చలానా gst.gov.inలో తయారవుతుంది, డబ్బు ప్రభుత్వానికి వెళుతుంది. ‘పన్ను మొత్తం ఈ యూపీఐ నంబర్‌కు కొట్టండి, మేం కట్టేస్తాం’ అని ఎవరన్నా రాస్తే, రాసింది తెలిసినవాళ్ల పేరుతోనే అయినా ఆగాలి.

ఇంకో మాట. కొత్త మెయిల్‌ను పాత మెయిల్‌కు జవాబుగా పంపాలా, విడిగా పంపాలా అని ఆఫీసుల్లో తేడా ఉంది. జవాబుగా పంపితే రెండూ ఒకే వరుసలో ఉంటాయి నిజమే. కానీ సబ్జెక్ట్‌లో పాత మాటలే ఉంటాయి, కింద పాత 64,500 పట్టిక మొత్తం వేలాడుతుంటుంది, పాత చలానా కూడా పక్కనే దొరుకుతుంది. కొత్త సబ్జెక్ట్‌తో విడిగా పంపి, లోపల పాత మెయిల్ తేదీ రాయడమే మంచిది. కొత్త చలానా ఫైలు పేరులో కూడా మొత్తం ఉండాలి, ‘ఆగస్టు చలానా 73500’ అని. ‘చలానా కొత్తది ఫైనల్ 2’ అని పెడితే మూడు నెలల తర్వాత పంపినవాళ్లకే అర్థం కాదు.

పాత మెయిల్‌ను ఆఫీసులో చెరిపేయకూడదు. రెండూ ఆ క్లయింట్ ఫైల్‌లో పక్కపక్కన ఉంచాలి, షీట్‌లో తప్పు దిద్దిన తేదీ రాసి పెట్టాలి. ఏడాది చివర వార్షిక రిటర్న్ తయారుచేసేటప్పుడు ఆగస్టు దగ్గర ఎవరో ఒకరు ఆగి ‘ఇదేంటి’ అని అడుగుతారు. అప్పటికి గుర్తుండేది ఎవరికి?

ఇంత చేశాక రెండో అంకె కూడా తప్పని తేలితే, మూడో దిద్దుబాటు మెయిల్ వెంటనే పంపడం వల్ల లాభం లేదు. క్లయింట్ అప్పటికే ఆ ఆఫీసు మెయిల్స్ నమ్మడం మానేసి ఉంటాడు. అప్పుడు ఆఫీసు యజమానే స్వయంగా దుకాణానికి ఫోన్ చేయాలి, ఊళ్లోనే ఉంటే వెళ్లాలి. అబ్బా ముందు పోర్టల్ తెరిచి అమ్మకాల పన్ను, క్రెడిట్, కట్టాల్సిన మొత్తం అక్కడే చూపించాలి. ఆ పేజీ స్క్రీన్‌షాట్‌ను ఆ తర్వాత మెయిల్‌లో పంపాలి, అందులో మన అంకెలేవీ కొత్తగా టైప్ చేయకుండా.